నెగెటివ్ ఎడ్జ్‌లు ఉన్న గ్రాఫ్‌లో తక్కువ ఖర్చు దారి: డైక్‌స్ట్రా చాలా, బెల్మన్-ఫోర్డ్ కావాలా?

ఎలక్ట్రిక్ కారులో అరకు నుంచి ఘాట్ రోడ్డు దిగినవాళ్లకు తెలిసిన సంగతే: కిందికి వచ్చేసరికి బ్యాటరీ పర్సంటేజ్ తగ్గదు సరికదా, కొంచెం పెరుగుతుంది. 1,600 కిలోల బండి 900 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 3.9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి బయటపడుతుంది. టైర్ల రాపిడికి, గాలికి, మోటారు వేడికి పోయింది పోగా మిగిలింది బ్యాటరీలోకి తిరిగి చేరుతుంది. అంటే తక్కువ దూరం కాకుండా తక్కువ ఛార్జ్ ఖర్చయ్యే దారి వెతకాలనుకుంటే, రోడ్ల గ్రాఫ్‌లో కొన్ని ఎడ్జ్‌ల వెయిట్ మైనస్‌లో ఉంటుంది.

ఇలాంటి గ్రాఫ్ చేతికి రాగానే "నెగెటివ్ ఉంది కాబట్టి బెల్మన్-ఫోర్డ్" అని కళ్లు మూసుకుని రాసేయడం మనకు కాలేజీ నుంచీ అలవాటు. పరీక్షలో ఆ జవాబుకు మార్కులు పడతాయి. నిజమైన పనిలో మాత్రం అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఆ మైనస్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి? నెగెటివ్ సైకిల్ కనబడితే అది డేటాలో తప్పా, లేక మనం వెతుకుతున్నదే అదా? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఏ అల్గారిథమ్ వాడాలన్నది దాదాపుగా తేలిపోతుంది. ఒక చిన్న గ్రాఫ్ తీసుకుని చివరిదాకా దాన్నే పట్టుకుని చూద్దాం.

## గ్రాఫ్

ఐదు చోట్లు. 0 మనం బయల్దేరే ఊరు, కొండ వాలులో ఉంది. 1 కొండ పైభాగం. 2 ఘాట్ మధ్యలో ఒక మలుపు. 3 కింద ఉన్న జంక్షన్. 4 మనం చేరాల్సిన ఊరు. 0 నుంచి 3కి కొండెక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లే పొడవాటి రోడ్డు కూడా ఉంది. వెయిట్‌లు పాయింట్లలో, ఒక పాయింట్ అంటే 100 వాట్-అవర్లు. అంకెలు లెక్క సులువుగా ఉండేందుకు నేను వేసుకున్నవి.

```
0 -> 1   10     (ఎక్కడం)
0 -> 3    7     (చుట్టు రోడ్డు)
1 -> 2   -4     (దిగడం)
2 -> 3   -4     (దిగడం)
3 -> 4    2
3 -> 1   15     (ఎక్కడం)
```

వెయిట్‌లు పూర్ణాంకాల్లో పెట్టింది ఊరికే కాదు. కిలోవాట్-అవర్లను దశాంశాల్లో ఉంచితే "తగ్గిందా, లేదా" అనే పోలికలో 0.0000001 లాంటి తేడాలు కూడా తగ్గినట్టే కనిపిస్తాయి, ఆగాల్సిన చోట ప్రోగ్రామ్ ఆగదు. వాట్-అవర్లలో పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

## డైక్‌స్ట్రా ఎక్కడ తప్పుతుంది

0 నుంచి మొదలుపెడితే 1కి 10, 3కి 7 వస్తాయి. హీప్‌లో చిన్నది 3, కాబట్టి దాన్ని తీసి "3 ఖర్చు 7, ఖాయం" అని ముద్ర వేస్తుంది. అక్కడి నుంచి 4కి 9. తర్వాత 9తో ఉన్న 4ని తీసి దానికీ ముద్ర వేస్తుంది. ఆ తర్వాతే 10తో ఉన్న 1 బయటికొస్తుంది, దాన్నుంచి 2కి 6. 2ని తీసి చూస్తే 3కి 6 - 4 = 2 వస్తోంది. కానీ 3కి అప్పటికే ముద్ర పడిపోయింది.

కాబట్టి డైక్‌స్ట్రా 4కి చెప్పే ఖర్చు 9. అసలు జవాబు 0, 1, 2, 3, 4 మీదుగా 10 - 4 - 4 + 2 = 4. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ కూలదు, తప్పు అంకె నిశ్శబ్దంగా వచ్చేస్తుంది. ఇదే దీంట్లో ఉన్న ప్రమాదం.

ముద్ర వేయడం మానేసి, ఖర్చు తగ్గినప్పుడల్లా నోడ్‌ని మళ్లీ హీప్‌లో వేస్తే? నెగెటివ్ సైకిల్ లేనంతవరకు జవాబు సరిగ్గానే వస్తుంది. ఈ చిన్న గ్రాఫ్‌లో 3, 4 రెండోసారి బయటికొస్తాయి, అంతే. కానీ కావాలని తయారుచేసిన గ్రాఫ్‌లలో ఇలా మళ్లీ మళ్లీ తీయాల్సిన సంఖ్య నోడ్‌లు పెరిగేకొద్దీ రెట్టింపవుతూ పోతుంది. పోటీల్లో ఎవరో ఒకరు అలాంటి టెస్ట్ పెట్టి తీరుతారు.

ఇంకో చిట్కా కూడా తరచూ వినబడుతుంది: అతి చిన్న వెయిట్ -4 కదా, అన్ని ఎడ్జ్‌లకూ 4 కలిపేస్తే మైనస్‌లు పోతాయి, డైక్‌స్ట్రా నడుస్తుంది అని. కలిపి చూడండి. 0 నుంచి 3కి చుట్టు రోడ్డు 11 అవుతుంది. కొండ దారి 14 + 0 + 0 = 14 అవుతుంది. నిన్నటిదాకా 2తో గెలిచిన దారి ఓడిపోయింది. ఎడ్జ్‌కి ఇంత అని కలిపితే ఎక్కువ ఎడ్జ్‌లున్న దారికి ఎక్కువ జరిమానా పడుతుంది, అందుకే పోలిక చెడిపోతుంది. సరిగ్గా కలిపే పద్ధతి వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

## పాస్‌ల వారీగా బెల్మన్-ఫోర్డ్

1950లలో ఫోర్డ్, బెల్మన్, మూర్, షింబెల్ ఎవరికి వారు దాదాపు ఇదే ఆలోచనకు వచ్చారు. ఆలోచన చాలా మొరటుది. ఏ నోడ్‌కీ ముద్ర వేయకు. ఉన్న ఎడ్జ్‌లన్నిటినీ వరసగా ఒకసారి చూడు. `d[u] + w` అనేది `d[v]` కన్నా తక్కువైతే `d[v]` ని తగ్గించు. దీన్నే రిలాక్స్ చేయడం అంటారు. జాబితా మొత్తం ఒకసారి పూర్తయితే ఒక పాస్. ఏదీ తగ్గని పాస్ వచ్చేదాకా ఇదే పని.

```
def bellman_ford(n, edges, s):
    d = [float("inf")] * n
    p = [-1] * n
    d[s] = 0
    for i in range(n):
        x = -1
        for u, v, w in edges:
            if d[u] + w < d[v]:
                d[v] = d[u] + w
                p[v] = u
                x = v
        if x == -1:
            break
    return d, p, x
```

మన గ్రాఫ్ మీద నడిపిద్దాం. ఎడ్జ్‌ల వరసను కావాలనే చెడ్డగా పెడతాను: 3->4, 3->1, 2->3, 1->2, 0->3, 0->1. అంటే గమ్యం వైపు ఎడ్జ్‌లు ముందు, బయల్దేరే చోటివి చివర. నిలువు వరసలు 0 నుంచి 4 వరకు నోడ్‌లు.

```
మొదట     0   inf  inf  inf  inf
పాస్ 1    0   10   inf  7    inf
పాస్ 2    0   10   6    7    9
పాస్ 3    0   10   6    2    9
పాస్ 4    0   10   6    2    4
పాస్ 5    మార్పు లేదు
```

మూడో పాస్ దగ్గర కాసేపు ఆగి చూడాలి. 3->4 ఎడ్జ్ జాబితాలో మొదట ఉంది. దాన్ని చూసినప్పుడు 3 విలువ ఇంకా 7, కాబట్టి 4 దగ్గర 9 అలాగే ఉండిపోయింది. అదే పాస్‌లో కాసేపటికి 2->3 వచ్చి 3ని 2కి దించింది. కానీ 3->4 అప్పటికే దాటిపోయింది. ఆ కబురు 4కి చేరడానికి నాలుగో పాస్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదే జాబితాను 0->1, 0->3, 1->2, 2->3, 3->4, 3->1 అని తిప్పి పెడితే ఏమవుతుంది? మొదటి పాస్‌లోనే 1కి 10, 3కి 7, 2కి 6, 3కి 2, 4కి 4 వచ్చేస్తాయి. రెండో పాస్‌లో మార్పేమీ ఉండదు, పని అయిపోయింది. గ్రాఫ్ అదే, కోడ్ అదే, జాబితా వరస ఒక్కటే తేడా. ఐదు పాస్‌ల పని రెండింటిలో ముగిసింది. `if x == -1: break` అన్న రెండు లైన్లు రాయకపోతే ఈ లాభమంతా గాలికి పోతుంది. చాలా నోట్స్‌లో ఆ లైన్లు కనిపించవు.

వరస ఎంత చెడ్డదైనా n - 1 పాస్‌లు ఎందుకు చాలుతాయి? నెగెటివ్ సైకిల్ లేకపోతే అతి తక్కువ ఖర్చు దారుల్లో ఏ నోడ్‌నీ రెండుసార్లు తొక్కనిది ఒకటి తప్పకుండా ఉంటుంది. దాంట్లో గరిష్ఠంగా n - 1 ఎడ్జ్‌లు ఉంటాయి. ఒక్కో పాస్ ఆ దారిలో కనీసం ఒక ఎడ్జ్ ముందుకు నడిపిస్తుంది. ఇక్కడ దారిలో నాలుగు ఎడ్జ్‌లు, కాబట్టి నాలుగు పాస్‌లు.

మీ గ్రాఫ్‌లో అసలు సైకిళ్లే లేకపోతే, ఉదాహరణకు ప్రాజెక్ట్‌లో ఏ పని తర్వాత ఏ పని అన్న చార్ట్ లాంటిదైతే, బెల్మన్-ఫోర్డ్ కూడా అక్కర్లేదు. నోడ్‌లను టోపలాజికల్ క్రమంలో పెట్టి ఒక్కసారి రిలాక్స్ చేస్తే చాలు, మైనస్‌లు ఎన్ని ఉన్నా సరే.

## పాత కాపీ మీదా, అక్కడికక్కడేనా?

పై కోడ్ ఒకే `d` లో చదువుతూ, దాంట్లోనే రాస్తుంది. ఇంకో రకం, ప్రతి పాస్‌కి ముందు `d` ని కాపీ చేసుకుని, చదివేది పాత కాపీ నుంచి, రాసేది కొత్తదాంట్లో. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. చివరి జవాబు ఒకటే, కానీ మధ్య పాస్‌ల అర్థం మారిపోతుంది.

కాపీ రకంలో k పాస్‌ల తర్వాత ఉన్న విలువ అంటే "గరిష్ఠంగా k ఎడ్జ్‌లతో వచ్చే అతి తక్కువ ఖర్చు", ఒక్క ముక్క అటూ ఇటూ కాదు. ఎడ్జ్‌ల వరస ఏదైనా ఆ అంకెలు మారవు. అక్కడికక్కడే రాసే రకంలో ఆ హామీ లేదు. మంచి వరసలో మొదటి పాస్ అయ్యేసరికే 4 దగ్గర 4 వచ్చేసింది, అది నాలుగు ఎడ్జ్‌ల దారి.

"గరిష్ఠంగా రెండు ఫ్లైట్‌లు మారి చవగ్గా వెళ్లాలి" లాంటి ప్రశ్న వస్తే కాపీ రకమే రాయాలి. మన గ్రాఫ్‌లోనే 4కి రెండు ఎడ్జ్‌లలో చేరాలంటే సరైన జవాబు 9. అక్కడికక్కడే రాసే కోడ్‌ని రెండు పాస్‌లు నడిపి ఆపితే, మంచి వరసలో 4 అని చెబుతుంది, చెడ్డ వరసలో 9 అంటుంది. ఇంటర్వ్యూల్లో "నా మెషీన్‌లో కరెక్ట్‌గా వచ్చింది, సబ్మిట్ చేస్తే తప్పంటోంది" అనే మాట వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. ఎడ్జ్‌ల లెక్క అడగకపోతే మాత్రం అక్కడికక్కడే రాసేదే మేలు. తొందరగా ముగుస్తుంది, మెమరీ కాపీ ఖర్చూ ఉండదు.

## నెగెటివ్ సైకిల్ పట్టుకోవడం

ఇప్పుడు డేటా ఎంటర్ చేసినవాళ్లు 3->1 దగ్గర 15 బదులు 5 కొట్టారనుకుందాం. 1, 2, 3, మళ్లీ 1 అని ఒక చుట్టు తిరిగితే -4 - 4 + 5 = -3. అంటే కొండ చుట్టూ తిరిగిన ప్రతిసారీ బ్యాటరీ మూడు పాయింట్లు నిండుతుంది. పెట్రోలు బంకుల పని అయిపోయినట్టే! అదే చెడ్డ వరసలో మళ్లీ నడిపితే:

```
పాస్ 1    0   10   inf  7    inf
పాస్ 2    0   10   6    7    9
పాస్ 3    0   10   6    2    9
పాస్ 4    0   7    3    2    4
పాస్ 5    0   7    3    -1   4
```

మూడో పాస్ దాకా ఇంతకుముందు చూసిన పట్టికే. నాలుగో పాస్‌లో 3->1 చూడగానే 2 + 5 = 7 అనేది 10 కన్నా తక్కువ. 1 తగ్గింది, దాని వెంట 2 కూడా తగ్గింది. ఐదో పాస్‌లో 3 తగ్గింది. ఐదు నోడ్‌లున్న గ్రాఫ్‌లో ఐదో పాస్‌లో కూడా ఏదో ఒకటి తగ్గిందంటే నెగెటివ్ సైకిల్ ఉన్నట్టే. ఆరో పాస్ నడిపితే 1, 2, 4 మూడేసి పాయింట్లు దిగుతాయి, ఇక దీనికి అంతుండదు.

ఉందని తెలిస్తే చాలదు, ఎక్కడుందో కూడా కావాలి. తప్పు కొట్టిన ఎడ్జ్‌ని వెతకాలి కదా. చివరగా మారిన నోడ్ `x` నుంచి `p` లో రాసుకున్న పేరెంట్‌ల వెంట వెనక్కి నడవాలి, కానీ అక్కడి నుంచే వెంటనే ప్రింట్ చేయడం మొదలుపెట్టకూడదు. మారిన నోడ్ సైకిల్‌లో ఉండాలని లేదు. ఆరో పాస్‌లో 4 కూడా తగ్గుతుందన్నాం. 4 సైకిల్‌లో లేదు, సైకిల్ నుంచి బయటికి వేలాడుతోంది. "మళ్లీ 4 వచ్చేదాకా వెనక్కి నడువు" అని రాస్తే 3, 2, 1, 3, 2, 1 అంటూ ప్రోగ్రామ్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. అందుకే ముందు n అడుగులు ఊరికే వెనక్కి వేయాలి. ఎంత పొడవు తోక ఉన్నా n అడుగుల్లో సైకిల్ లోపలికి వచ్చి తీరతాం.

```
for _ in range(n):
    x = p[x]
cycle = [x]
y = p[x]
while y != x:
    cycle.append(y)
    y = p[y]
cycle.append(x)
cycle.reverse()
```

ఐదో పాస్ తర్వాత 3 పేరెంట్ 2, 2 పేరెంట్ 1, 1 పేరెంట్ 3. 3 నుంచి ఐదు అడుగులు: 2, 1, 3, 2, 1. ఇప్పుడు 1 దగ్గర ఉన్నాం. అక్కడి నుంచి సేకరించి తిరగేస్తే 1, 2, 3, 1 వస్తుంది. ఆ మూడు ఎడ్జ్‌లను కళ్లతో చూస్తే ఎక్కే రోడ్డుకి 5 ఏంటి అని ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఇక్కడ ఇంకో ఎంపిక ఉంది. పై పేరెంట్‌లను చూడండి: 1 పేరెంట్ 3 అని నాలుగో పాస్‌లోనే రాశాం. అంటే పేరెంట్‌ల గొలుసు నాలుగో పాస్‌లోనే చుట్టుకుపోయింది. పేరెంట్‌ల మధ్య చుట్టు కనబడిందంటే నెగెటివ్ సైకిల్ ఉన్నట్టే, n-వ పాస్ దాకా ఆగక్కర్లేదు. ఐదు నోడ్‌ల దగ్గర ఒక్క పాసే మిగిలింది. 10,000 నోడ్‌ల గ్రాఫ్‌లో సోర్స్ పక్కనే మూడు నోడ్‌ల సైకిల్ ఉంటే మామూలు పద్ధతి 10,000 పాస్‌లు నడిచాక గానీ నోరు విప్పదు. ప్రతి పాస్ చివర పేరెంట్‌లను ఒకసారి తనిఖీ చేసే పద్ధతి సాధారణంగా కొద్ది పాస్‌లలోనే పట్టేస్తుంది. ఆ తనిఖీకి నోడ్‌ల సంఖ్యకు తగ్గ పని మాత్రమే పడుతుంది, ఎడ్జ్‌ల పాస్ పక్కన అది లెక్కలోకి రాదు. సైకిల్ ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న డేటాకైతే నా ఓటు దీనికే.

సోర్స్ విషయంలో జాగ్రత్త కావాలి. 0 నుంచి మొదలుపెడితే 0 నుంచి చేరగలిగిన సైకిళ్లే దొరుకుతాయి. గ్రాఫ్‌లో ఎక్కడున్నా సరే కావాలంటే `d` మొత్తాన్ని 0తో మొదలుపెట్టాలి. అప్పుడు ప్రతి నోడూ బయల్దేరే చోటే అయినట్టు. కోడ్‌లో ఇంకేమీ మారదు, n-వ పాస్ పరీక్ష కూడా అదే. కాకపోతే వచ్చే అంకెలను దూరాలుగా చదవకూడదు.

సైకిల్ ఉందనగానే జవాబులన్నీ చెత్తబుట్టలో వేయనక్కర్లేదు కూడా. ఆ సైకిల్ నుంచి చేరగలిగిన నోడ్‌ల విలువలకే అర్థం పోతుంది. n-వ పాస్‌లో మారిన నోడ్‌లన్నిటి నుంచీ ముందుకు ఒక బీఎఫ్ఎస్ నడిపి, తగిలినవాటికి "అంతులేదు" అని గుర్తు పెట్టండి. మిగతా నోడ్‌ల ఖర్చులు నిక్షేపంగా సరైనవే.

సీ++ లో రాసేవాళ్లకు ఒక మాట. పైథాన్‌లో `inf - 4` కూడా `inf` నే, గొడవ లేదు. సీ++ లో `INF` ని 1000000000 అని పెట్టుకుని, `d[u] < INF` అనే తనిఖీ వదిలేస్తే, చేరలేని నోడ్ దగ్గర 999999996 లాంటి అంకె కనిపిస్తుంది. అవుట్‌పుట్‌లో ఇలాంటిది కనబడితే ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

రెండు వైపులా నడిచే ఎడ్జ్‌లున్న గ్రాఫ్‌లో ఒక్క మైనస్ ఎడ్జ్ ఉన్నా చాలు, దాని మీదే ముందుకీ వెనక్కీ తిరగడం నెగెటివ్ సైకిల్ అవుతుంది. అలాంటి గ్రాఫ్‌కి ఈ అల్గారిథమ్‌లు ఏవీ పనికిరావు.

## క్యూ రకం

పాస్‌లో వృథా ఎక్కువ. విలువ మారని నోడ్ నుంచి బయల్దేరే ఎడ్జ్‌లను మళ్లీ చూడటం దండగ. మారిన నోడ్‌లనే క్యూలో పెట్టి, వాటి ఎడ్జ్‌లనే చూసే రకాన్ని ఎస్‌పీఎఫ్ఏ అంటారు. 15 ఉన్న సరైన గ్రాఫ్ మీద అది నడిచే తీరు: 0 తీస్తే 1, 3 క్యూలోకి. 1 తీస్తే 2 లోపలికి. 3 తీస్తే 4 లోపలికి. 2 తీస్తే 3 మళ్లీ లోపలికి. 4 తీస్తే పనిలేదు. 3 తీస్తే 4 మళ్లీ లోపలికి. చివరి 4తో క్యూ ఖాళీ. మొత్తం చూసిన ఎడ్జ్‌లు ఎనిమిది. చెడ్డ వరసలో పాస్‌ల పద్ధతి ఐదు పాస్‌లకు 30 ఎడ్జ్‌లు చూసింది.

రోడ్ల లాంటి మామూలు డేటా మీద ఇది బాగా పరిగెడుతుంది. కానీ చెడ్డ గ్రాఫ్ ఎదురైతే నోడ్‌లు గుణించు ఎడ్జ్‌లు అన్న పాత పరిమితే దీనికీ వర్తిస్తుంది. ఆ పరిమితి ఎంతో ముందే లెక్కేసుకోండి. 1,000 నోడ్‌లు, 5,000 ఎడ్జ్‌లైతే 50 లక్షల పని, రెప్పపాటు. లక్ష నోడ్‌లు, 5 లక్షల ఎడ్జ్‌లైతే 5,000 కోట్లు. అక్కడ ఎస్‌పీఎఫ్ఏ అదృష్టం మీద ఆధారపడటం తప్ప ఇంకోటి కాదు. సైకిల్ ఉంటే క్యూ ఎప్పటికీ ఖాళీ కాదు కాబట్టి, ఏ నోడ్ అయినా n సార్లు క్యూలోకి వచ్చిందా అన్న లెక్క తప్పనిసరిగా పెట్టుకోవాలి.

## మైనస్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే

ఇంతకుముందు ఆపిన చోటికి వద్దాం. ఘాట్ రోడ్డు మైనస్‌లు ఎత్తు తేడా వల్ల వచ్చాయి. ప్రతి చోటి ఎత్తునీ పాయింట్లలో రాద్దాం: 0 దగ్గర 4, 1 దగ్గర 12, 2 దగ్గర 7, 3 దగ్గర 1, 4 దగ్గర 0. ప్రతి ఎడ్జ్‌కీ `w + h[u] - h[v]` లెక్కేస్తే ఎత్తు పక్కకు పోయి రాపిడి నష్టం మాత్రమే మిగులుతుంది.

```
0 -> 1   10 + 4 - 12 = 2
0 -> 3    7 + 4 - 1  = 10
1 -> 2   -4 + 12 - 7 = 1
2 -> 3   -4 + 7 - 1  = 2
3 -> 4    2 + 1 - 0  = 3
3 -> 1   15 + 1 - 12 = 4
```

మైనస్ ఒక్కటీ లేదు. రాపిడి నష్టం మైనస్‌లో ఉండదు కాబట్టి ఉండే అవకాశమే లేదు. ఇప్పుడు డైక్‌స్ట్రా నడిపితే 4కి 2 + 1 + 2 + 3 = 8 వస్తుంది. దానికి గమ్యం ఎత్తు కలిపి, బయల్దేరిన చోటి ఎత్తు తీసేస్తే 8 + 0 - 4 = 4, అదే సరైన జవాబు. అన్నిటికీ ఒకే అంకె కలిపినప్పుడు చెడిపోయింది ఇక్కడ చెడలేదు. ఎందుకంటే దారి మధ్యలోని ఎత్తులన్నీ ఒకదానితో ఒకటి కొట్టేసుకుంటాయి, దారి ఎంత పొడవైనా తేడా రెండు చివరల ఎత్తే.

3->1 దగ్గర 5 అని తప్పు కొట్టిన డేటాలో ఇదే లెక్క 5 + 1 - 12 = -6 చూపిస్తుంది. ఏ పాస్‌లూ లేకుండా, తప్పున్న ఎడ్జ్ నేరుగా దొరికిపోయింది. బెల్మన్-ఫోర్డ్ మూడు ఎడ్జ్‌లను అనుమానితులుగా చూపిస్తే, ఎత్తుల లెక్క ఒక్కదాన్నే పట్టుకుంది. అందుకే ఇలాంటి ఎత్తు ముందే తెలిసిన చోట నేను బెల్మన్-ఫోర్డ్ వాడను.

ఎత్తు తెలియనప్పుడు దాన్ని కనుక్కునే పనికి బెల్మన్-ఫోర్డే కావాలి. `d` అంతా 0తో మొదలుపెట్టి ఒకసారి నడిపితే వచ్చే అంకెలే ఎత్తులు. తర్వాత ఎన్నిసార్లైనా, ఎన్ని సోర్స్‌ల నుంచైనా డైక్‌స్ట్రా నడుపుకోవచ్చు. జాన్సన్ 1977లో ప్రచురించిన పద్ధతి ఇదే. ఎడ్జ్‌లు పలచగా ఉండి, ప్రతి జంటకీ దూరం కావాలంటే ఇది సరైన ఎంపిక. నోడ్‌లు 400 లోపు ఉంటే దీనికోసం అంత శ్రమ వద్దు. ఫ్లాయిడ్-వార్షల్ మూడు లూపులు, 6.4 కోట్ల పని, అయిపోతుంది. దాంట్లో సైకిల్ ఉందో లేదో కర్ణరేఖ చెబుతుంది: `dist[i][i]` మైనస్ అయితే ఉన్నట్టే. అలా ఉన్నప్పుడు విలువలు చాలా వేగంగా దిగిపోయి ఇంటీజర్ పరిమితి దాటుతాయి, అది మర్చిపోకండి.

సైకిలే కావాల్సిన సందర్భం వేరు. కరెన్సీ రేట్లలో మారకం చేస్తూ తిరిగి మొదటి కరెన్సీకి వచ్చేసరికి డబ్బు పెరిగే చుట్టు ఉందా అన్నది పాత ఉదాహరణ. ప్రతి రేటుకీ మైనస్ లాగరిథమ్‌ని వెయిట్‌గా పెడితే, రేట్ల గుణకారం 1 దాటే చుట్టు నెగెటివ్ సైకిల్ అవుతుంది. ఇక్కడ ఏ ఎత్తులూ ముందే తెలియవు, దూరాలతో పనిలేదు. అన్నీ 0తో మొదలుపెట్టి, పేరెంట్ తనిఖీతో నడపడమే. లాగరిథమ్‌లు దశాంశాలు కాబట్టి `d[u] + w < d[v] - 1e-12` లాంటి చిన్న వెసులుబాటు పెట్టుకోవాలి. లేదంటే రౌండింగ్ తప్పులనే లాభం అనుకుని చూపిస్తుంది.

## బ్యాటరీకి మాత్రం ఇంకో షరతు ఉంది

4కి అతి తక్కువ ఖర్చు 4 పాయింట్లు అని చెప్పాం. అయితే బ్యాటరీలో 8 పాయింట్లతో బయల్దేరితే చేరతామా? చేరలేం. కొండెక్కడానికే 10 కావాలి. చుట్టు రోడ్డులో 3 దగ్గరికి వచ్చేసరికి 1 మిగులుతుంది, అక్కడి నుంచి 4కి 2 కావాలి. దారి మొత్తం మీద కూడిక సరిపోయినా, మధ్యలో బ్యాటరీ సున్నా కిందికి పోకూడదు. నిండిన బ్యాటరీతో దిగితే అదనంగా చేరేది కూడా ఉండదు.

దీనికి రిలాక్స్ చేసే లైను ఒక్కటి మారిస్తే చాలు. ఖర్చు బదులు చేరినప్పుడు మిగిలిన ఛార్జ్ పెట్టుకోవాలి. అది ఎంత ఎక్కువైతే అంత మంచిది.

```
nb = min(C, b[u] - w)
if b[u] >= max(0, w) and nb > b[v]:
    b[v] = nb
```

ఇక్కడ `C` బ్యాటరీ సామర్థ్యం, ఇంకా చేరని నోడ్‌ల `b` విలువ -1. ఎక్కువ ఛార్జ్‌తో వచ్చినవాడు తక్కువతో వచ్చినవాడి కన్నా ఎప్పుడూ వెనకబడడు కాబట్టి పాస్‌ల వాదన అలాగే నిలుస్తుంది. `C` ని 50 అనుకుని 9 పాయింట్లతో బయల్దేరితే చుట్టు రోడ్డులో 3 దగ్గర 2 మిగిలి, సరిగ్గా సున్నాతో 4 చేరతాం. 10తో బయల్దేరితే కొండ మీదికి సున్నాతో వెళ్లి, 2 దగ్గర 4, 3 దగ్గర 8 అయి, 4 చేరేసరికి బ్యాటరీలో 6 ఉంటాయి. ఒక్క పాయింట్ తేడాతో దారే మారిపోయింది.